కెమెరా డబ్బా మీద '30 మీటర్లు' అంటే ఏంటి? సీసీటీవీ స్పెసిఫికేషన్లు లెక్కతో చదవడం ఎలా

సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో ఏ సీసీటీవీ షాపుకెళ్లినా డబ్బా మీద దాదాపు ఇవే మాటలు కనిపిస్తాయి. 2 మెగాపిక్సెల్, 2.8 మిల్లీమీటర్ లెన్స్, ఐఆర్ 30 మీటర్లు, 12 వోల్టులు. ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ పేరు దగ్గర్నుంచి రిఫ్రెష్ రేట్ దాకా ఆరా తీసే మనం కెమెరా దగ్గరకొచ్చేసరికి మెగాపిక్సెల్ ఒక్కటే చూసి డబ్బులు కట్టేస్తాం. కానీ రాత్రి రెండింటికి గేటు ముందు నిలబడ్డ మనిషి ఎవరో తెలుస్తుందా లేదా అన్నది మెగాపిక్సెల్ ఒక్కటే తేల్చదు.

ఈ ఆర్టికల్‌లో ఒక ఇంటినే తీసుకుని, డబ్బా మీది ఒక్కో అంకె అక్కడ ఎలా పనిచేస్తుందో లెక్కేసి చూద్దాం. లెక్కలన్నీ ఇంటర్ లెవెల్‌వే, భయపడక్కర్లేదు.

మన కేసు: లాలాపేట్‌లో ఒక గేటు

లాలాపేట్‌లో మేం అద్దెకుండే ఇల్లు గ్రౌండ్ ప్లస్ వన్. గోడ నుంచి గేటుకి 5 మీటర్లు. గేటు దాటితే 20 అడుగుల గల్లీ, అంటే 6 మీటర్లు. లోపల జాగా చాలక ఇద్దరు ముగ్గురి బండ్లు గల్లీలో ఎదురు గోడ పక్కన ఉంటాయి. ఫస్ట్ ఫ్లోర్ పిట్టగోడకి, నేల నుంచి ఐదున్నర మీటర్ల ఎత్తులో, ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా ముందే ఉంది. లెన్స్ 2.8 మిల్లీమీటర్లు.

ఒక రాత్రి ఆ గల్లీలోంచి ఒక బండి పోయింది. ఫుటేజ్‌లో అంతా ఉంది. ఒకతను వచ్చాడు, హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు, బండిని తోసుకుంటూ వెళ్లిపోయాడు. మా ఓనర్ అంకుల్ ఆ క్లిప్ నాకు చూపించి అన్న మాట ఇది: "మనిషి కనవడ్తుండు గానీ ఎవరో తెలుస్తలేదు బాబూ. మరి కెమెరా పెట్టి ఏం లాభం?"

కెమెరా పాడవలేదు. దాని లెన్స్‌కీ, పెట్టిన చోటుకీ ఎంత చేతనవుతుందో అంతా చేసింది. ఎంత చేతనవుతుందన్నది మాత్రం ముందే లెక్కేసి చెప్పొచ్చు.

మీటరుకి ఎన్ని పిక్సెళ్లు?

రిజల్యూషన్ అంటే ఫొటో మొత్తంలో ఉన్న పిక్సెళ్లు. 2 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 1920, నిలువుగా 1080 ఉంటాయి. ఆ 1920 పిక్సెళ్లు కెమెరా ముందున్న సీన్ మొత్తం మీద పరుచుకుంటాయి. సీన్ వెడల్పు 4 మీటర్లయితే ఒక్కో మీటరుకి 480 పిక్సెళ్లు వస్తాయి. అదే సీన్ 20 మీటర్లయితే మీటరుకి 96 మాత్రమే. దుప్పటి ఒకటే, కప్పుకునేవాళ్లు ఎక్కువైన కొద్దీ ఒక్కొక్కరికి వచ్చేది తగ్గుతుంది.

ఈ లెక్కకి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐఈసీ 62676-4 అనే ఆ ప్రమాణం 2014 ఎడిషన్ చూడటాన్ని మెట్లుగా విడగొట్టింది. మీటరుకి 25 పిక్సెళ్లుంటే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. సుమారు 62 ఉంటే బట్టలు, నడక లాంటివి తెలుస్తాయి. 125 ఉంటే ముందే పరిచయమున్న మనిషిని గుర్తుపట్టొచ్చు. ముక్కూ మొహం తెలియని మనిషిని కూడా ఫుటేజ్ చూసి ఫలానా అని తేల్చాలంటే 250 కావాలి. దొంగ మనకి పరిచయస్తుడు కాదు కాబట్టి మనకి కావాల్సింది ఆ 250.

మనిషి ముఖం వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లు. మీటరుకి 250 అంటే ముఖం మీద 40 పిక్సెళ్లు. ఈ 40 అనే అంకె గుర్తుంచుకోండి, చివర్లో టెస్ట్ చేసేటప్పుడు పనికొస్తుంది.

లెన్స్ నంబరే అసలు రేంజ్

సీన్ ఎంత వెడల్పు ఉంటుందో నిర్ణయించేది లెన్స్. మిల్లీమీటర్ల అంకె చిన్నదైతే యాంగిల్ పెద్దది, సీన్ వెడల్పు. అంకె పెద్దదైతే యాంగిల్ చిన్నది, సీన్ ఇరుకు, కానీ దూరంలో ఉన్నది పెద్దగా కనిపిస్తుంది. సెన్సర్ సైజుని బట్టి కాస్త మారుతుంది గానీ, మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరాల్లో 2.8 లెన్స్‌కి అడ్డం యాంగిల్ సుమారు 104 డిగ్రీలు, 4 లెన్స్‌కి 84, 6 లెన్స్‌కి 54 ఉంటుంది. మీరు కొనే మోడల్ డేటాషీట్‌లో అసలు అంకె దొరుకుతుంది.

యాంగిల్ తెలిస్తే ఎంత దూరం దాకా ముఖం తేలుతుందో ఈ నాలుగు లైన్లు చెప్పేస్తాయి.

```python
import math
px, hfov = 1920, 104
w = px / 250
print(w / (2 * math.tan(math.radians(hfov / 2))))
```

`w` అంటే మీటరుకి 250 పిక్సెళ్లు రావాలంటే సీన్ ఉండగల గరిష్ఠ వెడల్పు. 1920ని 250తో భాగిస్తే 7.68 మీటర్లు. మిగతాది ఆ వెడల్పు ఎంత దూరంలో వస్తుందో చెప్పే ట్రిగనోమెట్రీ. పై అంకెలతో రన్ చేస్తే జవాబు 3.0 వస్తుంది. అంటే డబ్బా మీద '30 మీటర్లు' అని ఉన్న ఈ కెమెరా, కొత్త ముఖాన్ని తేల్చగలిగేది 3 మీటర్ల దాకానే.

మూడు లెన్సులకీ వేసి చూస్తే 2 మెగాపిక్సెల్‌లో లెక్క ఇలా ఉంటుంది.

| లెన్స్ | 6 మీటర్ల దూరంలో సీన్ వెడల్పు | అక్కడ మీటరుకి పిక్సెళ్లు | ముఖం తేలే దూరం |
|---|---|---|---|
| 2.8 మి.మీ. | 15.4 మీ. | 125 | 3.0 మీ. |
| 4 మి.మీ. | 10.8 మీ. | 178 | 4.3 మీ. |
| 6 మి.మీ. | 6.1 మీ. | 314 | 7.5 మీ. |

ఇప్పుడు ఓనర్ అంకుల్ ప్రశ్నకి జవాబు చెప్పొచ్చు. పాత కెమెరా నుంచి ఎదురు గోడ పక్కనున్న బండికి ఏటవాలుగా సుమారు 10 మీటర్లు. 2.8 లెన్స్‌కి ఆ దూరంలో సీన్ వెడల్పు పాతిక మీటర్ల పైనే. మీటరుకి 75 పిక్సెళ్లు, ముఖం మీద 12. పన్నెండు చుక్కల్లో కళ్లు, ముక్కు, గడ్డం ఇమడాలి. బండి నంబర్ ప్లేట్ పరిస్థితీ అంతే. టూవీలర్ వెనక ప్లేట్ వెడల్పు 20 సెంటీమీటర్లు, అంటే 15 పిక్సెళ్లు. ఒక్కో అక్షరానికి మూడు చుక్కలు కూడా రావు. సినిమాల్లోలాగా జూమ్ చేస్తే ఆ మూడు చుక్కలే పెద్ద గళ్లలా కనిపిస్తాయి తప్ప లేని అక్షరం పుట్టదు.

ఇక్కడ చాలామంది వెంటనే "అయితే 4 మెగాపిక్సెల్ తీసుకుందాం" అంటారు. లెక్క చూద్దాం. 4 మెగాపిక్సెల్‌లో అడ్డంగా 2560 పిక్సెళ్లు. అదే 2.8 లెన్స్‌తో 6 మీటర్ల దగ్గర మీటరుకి 167 వస్తాయి. మెగాపిక్సెళ్లు రెట్టింపైనా 250 అందలేదు. మామూలు 2 మెగాపిక్సెల్‌కి 6 మిల్లీమీటర్ లెన్స్ ఉంటే చాలు, 314 వస్తున్నాయి. అందుకే షాపులో మొదట అడగాల్సింది లెన్స్, ఆ తర్వాతే మెగాపిక్సెల్.

దీనికి కట్టాల్సిన మూల్యం కూడా ఉంది. 6 లెన్స్‌కి గేటు దగ్గర కనిపించేది 6 మీటర్ల వెడల్పే. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా అందులో రాదు. అందుకే పాత 2.8 కెమెరాని తీసేయలేదు. ఎవరు ఎటు నుంచి వచ్చి ఎటు వెళ్లారో అది చెబుతుంది. ఎవరన్నది గేటు మీద పెట్టిన 6 లెన్స్ కెమెరా చెబుతుంది. రెండు పనులూ ఒక్క కెమెరా మీద వేస్తే రెండూ సగం సగమే అవుతాయి. ఇరుకు లెన్స్‌కి ఇంకో లాభం కూడా ఉంది, ఎదురింటి వాళ్ల కిటికీ ఫ్రేమ్‌లోకి రాదు.

ఎత్తు: జుట్టు కావాలా, ముఖం కావాలా?

కెమెరా ఎవరి చేతికీ అందకూడదని మన దగ్గర పిట్టగోడకో, మేడ మీదో బిగిస్తారు. ఐదున్నర మీటర్ల ఎత్తు నుంచి 5 మీటర్ల దూరంలో ఉన్న గేటుని చూస్తే, ముఖం ఎత్తుకి చూపు సుమారు 39 డిగ్రీలు కిందికి వాలుతుంది. క్యాప్ పెట్టుకున్న మనిషైతే క్యాప్ తప్ప ఏమీ కనిపించదు. పిక్సెళ్లు ఎన్ని ఉన్నా అవన్నీ నడినెత్తి మీదే పడతాయి.

కొత్త కెమెరాని గ్రౌండ్ ఫ్లోర్ పోర్టికో స్లాబ్ కింద, 2.7 మీటర్ల ఎత్తులో ఒక మూలన పెట్టాం. అక్కడి నుంచి గేటుకి 6 మీటర్లు. ముఖానికీ కెమెరాకీ ఎత్తు తేడా 1.2 మీటర్లే కాబట్టి వాలు 11 డిగ్రీలు. వాలు 15 డిగ్రీల లోపు ఉంటే క్యాప్ అంచు కింద నుంచి కూడా కళ్లు, ముక్కు కనిపిస్తాయి. చేతికి అందుతుందేమో అన్న భయం న్యాయమైనదే. కానీ దీన్ని ముట్టుకోవాలంటే ముందు గేటు దాటి దాని వైపే ముఖం పెట్టి నడవాలి, పైగా ఆ నడకంతా మేడ మీది పాత కెమెరాలో కూడా పడుతుంది.

ఐఆర్ 30 మీటర్లంటే టార్చి లైటు రేంజ్

డబ్బా మీద 30 మీటర్లు అనేది కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీల వెలుతురు ఎంత దూరం పడుతుందో చెప్పే అంకె. మన కంటికి కనిపించని టార్చి అన్నమాట. ఆ దూరంలో ఏదో కదులుతోందని తెలుస్తుంది. ముఖం తేలుతుందా అన్నది మీటరుకి పిక్సెళ్ల లెక్కే చెప్పాలి.

రాత్రి ఇంకో సమస్య షట్టర్. వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువసేపు కళ్లు తెరుచుకుని ఉంటుంది. ఆటోలో వదిలేస్తే సెకనులో 25వ వంతు దాకా, కొన్ని మోడళ్లలో ఇంకా ఎక్కువసేపు. గంటకి 20 కిలోమీటర్లతో వెళ్లే బండి ఆ 25వ వంతు సెకనులోనే 22 సెంటీమీటర్లు జరుగుతుంది. నంబర్ ప్లేట్ వెడల్పు కన్నా ఎక్కువ. అందుకే ఆగి ఉన్నదంతా నీట్‌గా ఉంటుంది, కదిలేది మాత్రం పొగలా సాగిపోతుంది. ఫుటేజ్‌లో గోడలు, గేటు స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే మసకగా ఉంటే తప్పు ఫోకస్‌ది కాదు, షట్టర్‌ది.

మందు కూడా సెట్టింగ్స్‌లోనే ఉంది. ఎక్స్‌పోజర్ మెనూలో షట్టర్‌ని `1/100` దగ్గర ఫిక్స్ చేస్తే మామూలుగా నడిచే మనిషి ఒక్కో ఫ్రేమ్‌లో సెంటీమీటరున్నర మాత్రమే జరుగుతాడు. ముఖం నిలుస్తుంది. బొమ్మ కాస్త చీకటిగా, గింజలు గింజలుగా మారుతుంది. అప్పుడు గేటు దగ్గర ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలిగించండి. పెద్ద కెమెరా కొనడం కన్నా ఇది చవక, ఫలితం కూడా ఎక్కువ.

ఒక పరిమితి మాత్రం ఒప్పుకోవాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నాయి. వాటి మీది షీటు వెలుతురుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. కెమెరా పక్కనుంచే వెళ్లిన ఐఆర్ నేరుగా లెన్స్‌లోకి తిరిగొచ్చి ప్లేట్ తెల్ల కాగితంలా వెలిగిపోతుంది. ముఖానికి సెట్ చేసిన కెమెరా రాత్రి నంబర్ కూడా చదవాలంటే కుదరదు. దానికి ఇంకా పొడవైన లెన్స్, ఇంకా వేగమైన షట్టర్‌తో వేరే కెమెరా కావాలి. మా గేటుకి ఆ ఆశ పెట్టుకోలేదు.

కరెంటు: పగలు బాగుండి రాత్రి ఆగిపోతే

పాత కెమెరాకి ఇంకో రోగం ఉండేది. పగలంతా బాగుండేది, చీకటి పడగానే నిమిషానికోసారి బొమ్మ పోయి వచ్చేది. చాలామంది కెమెరా కాలిపోయిందనుకుని మార్చేస్తారు. మార్చేముందు మల్టీమీటర్‌తో ఒక కొలత తీయండి.

అడాప్టర్ దగ్గర 12 వోల్టులు ఉంది. కెమెరా వైర్‌కి ఇంకో చివర, పగలు కొలిస్తే 11.2. రాత్రి ఐఆర్ వెలిగాక అదే చోట 10.1. కారణం ఓమ్ సూత్రం. పగలు ఈ కెమెరా 0.2 ఆంపియర్లు తీసుకుంటే, ఐఆర్ వెలిగాక 0.5 తీసుకుంటోంది. 30 మీటర్ల సన్నని వైరు, పోనూ రానూ కలిపి 3.8 ఓమ్‌లు. 0.5ని 3.8తో గుణిస్తే 1.9 వోల్టులు దారిలోనే పోతున్నాయి. 12 వోల్టులకి 10 శాతం అటూ ఇటూ అని రాసి ఉన్న కెమెరాకి కనీసం 10.8 అందాలి. అందక ఆగిపోతుంది. ఆగగానే ఐఆర్ ఆరిపోతుంది, లోడ్ తగ్గి వోల్టేజ్ పెరుగుతుంది, మళ్లీ ఆన్ అవుతుంది, ఐఆర్ వెలగగానే మళ్లీ పడిపోతుంది. ఈ ఆటే రాత్రంతా. ఇంకా పెద్ద ఆంపియర్ల అడాప్టర్ తెచ్చినా ఇది ఆగదు, ఎందుకంటే పోతున్నది వైరులో. అడాప్టర్‌ని కెమెరా దగ్గరికి జరపాలి, లేదా వైరు లావుది వేయాలి. మేం అడాప్టర్‌ని మేడ మీది స్విచ్ బోర్డుకి మార్చాం. మిగిలిన వైరు 4 మీటర్లే కాబట్టి రోగం పోయింది.

కొత్త కెమెరాకి ఈ గొడవే లేకుండా పీఓఈ తీసుకున్నాం. ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో డేటా, కరెంటు రెండూ వెళ్తాయి. పీఓఈలో వోల్టేజ్ సుమారు 48 కాబట్టి అదే 6 వాట్లకి కరెంటు 0.125 ఆంపియర్లు చాలు. పైన చూసిన 3.8 ఓమ్‌ల దారే అనుకున్నా పోయేది అర వోల్టు లోపు, అదీ 48లో. ప్రమాణం ప్రకారం 100 మీటర్ల దాకా లాగొచ్చు. 802.3af రకం స్విచ్ ఒక్కో పోర్టుకి 15.4 వాట్లు ఇస్తుంది, అవతల చివర 12.95 వాట్లు అందుతాయని లెక్క. మన 6 వాట్ల కెమెరాకి ఇది ధారాళం.

కేబుల్ కొనేటప్పుడు ఒక్క పని చేయండి. లోపలి తీగని బ్లేడుతో గీకి చూడండి. రాగి రంగు లోపలి దాకా ఉంటే అసలు రాగి. గీకిన చోట వెండిలా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. పూత తీగకి నిరోధం ఎక్కువ, వోల్టేజ్ ఎక్కువ పోతుంది. పైగా వంచితే త్వరగా విరుగుతుంది.

కరెంటు పోతే ఏమేం ఆగిపోకూడదు?

కెమెరా ఒక్కదానికి బ్యాకప్ ఇస్తే లాభం లేదు. రికార్డర్ ఆగితే రికార్డింగ్ లేదు, పీఓఈ స్విచ్ ఆగితే కెమెరానే లేదు. మా లోడ్ ఇలా ఉంది: రెండు కెమెరాలకి 12 వాట్లు, స్విచ్ సొంత ఖర్చు 3, హార్డ్ డిస్క్‌తో రికార్డర్ 12, ఫైబర్ రౌటర్ 10. మొత్తం 37 వాట్లు.

ఆన్‌లైన్‌లో రౌటర్లకి అమ్మే మినీ యూపీఎస్ మీద '10,000 ఎంఏహెచ్' అని ఉంటుంది. ఆ అంకె లోపలి సెల్స్ 3.7 వోల్టుల దగ్గర లెక్క. గుణిస్తే 37 వాట్-అవర్లు. రౌటర్ ఒక్కటే అయితే నష్టాలు పోను మూడు గంటలు లాగుతుంది. మన లోడ్ మొత్తం పెడితే కాగితం మీద గంట, నిజానికి గంట కూడా రాదు. అసలు చాలా వాటి అవుట్‌పుట్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లే. 37 వాట్లు మోయలేదు, 48 వోల్టుల స్విచ్‌కి సరిపోదు. ఇంట్లో ఫ్యాన్లకి ఇన్వర్టర్ ఉంటే ఈ నాలుగింటినీ ఆ లైన్ మీదకి తేవడమే మంచిది. నాలుగు గంటలకి 148 వాట్-అవర్లు, 150 ఏహెచ్ బ్యాటరీకి అది పెద్ద బరువు కాదు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది ఆన్‌లో ఉండాలి. లేకపోతే కరెంటు మారే క్షణంలో రికార్డర్ రీస్టార్ట్ అయ్యి, సరిగ్గా ఆ రెండు మూడు నిమిషాలు ఫుటేజ్ ఉండదు.

ఇంకో మాట. రికార్డింగ్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. కెమెరా నుంచి రికార్డర్‌కి డేటా ఇంట్లోనే తిరుగుతుంది. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూడాలంటేనే నెట్ కావాలి. ఫైబర్ తెగిన రోజు కూడా ఫుటేజ్ పడుతూనే ఉంటుంది.

ఎన్ని రోజులు నిలుస్తుంది, టైమ్ సరిగ్గా ఉందా?

`H.265`లో 2 మెగాపిక్సెల్ కెమెరాకి సెకనుకి 2 మెగాబిట్లు సరిపోతాయి. రోజుకి 86,400 సెకన్లు, ఎనిమిదితో భాగిస్తే రోజుకి 21.6 జీబీ. రెండు కెమెరాలకి 43.2 జీబీ. 1 టీబీ డిస్క్‌లో 23 రోజులు నిలుస్తుంది. జనం గుమిగూడే దుకాణాలు, ఆస్పత్రులు లాంటి చోట్ల 2013 నాటి ప్రజా భద్రత చట్టం 30 రోజుల ఫుటేజ్ దాచమంటుంది. ఇళ్లకి ఆ నిబంధన లేదు గానీ, ఊరెళ్లి వచ్చాక దొంగతనం సంగతి తెలిసే సందర్భాలుంటాయి కాబట్టి మేం కూడా 30 రోజులే పెట్టుకున్నాం. 1.3 టీబీ కావాలి, అంటే 2 టీబీ డిస్క్. రోజంతా రాస్తూనే ఉంటుంది కాబట్టి డెస్క్‌టాప్ డిస్క్ కాకుండా సర్వైలెన్స్ రకం తీసుకోండి.

గడియారం చాలామంది మర్చిపోతారు. ఫుటేజ్‌లో టైమ్ 40 నిమిషాలు తప్పుంటే, పక్కింటి కెమెరాతో జత కలపడం నరకం. రికార్డర్ మెనూలో `NTP` ఆన్ చేసి, సర్వర్ దగ్గర `pool.ntp.org`, టైమ్ జోన్ దగ్గర `GMT+05:30` పెట్టండి. అక్కడున్నప్పుడే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చేయండి, రౌటర్‌లో `UPnP` ఆపేయండి. లేకపోతే మీ గేటుని మీతో పాటు ఇంకెవరైనా చూడగలరు.

బిగించినవాళ్లు వెళ్లకముందే చేయాల్సిన టెస్ట్

పగలు ఫోన్‌లో బొమ్మ చూసి బాగుందని డబ్బులిచ్చేస్తారు. పగలు ఏ కెమెరా అయినా బాగుంటుంది. చీకటి పడ్డాక ఒకరిని క్యాప్ పెట్టుకుని గేటు తీసి మామూలుగా నడిచి రమ్మనండి. లైవ్ వ్యూ కాదు, రికార్డర్‌లో పడిన క్లిప్ తీసి, ముఖం కనిపించే ఫ్రేమ్‌ని స్క్రీన్‌షాట్ కాకుండా స్నాప్‌షాట్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. పెయింట్‌లో తెరిచి ముఖం మీద ఒక చెంప నుంచి ఇంకో చెంపకి సెలెక్ట్ చేస్తే కింద పిక్సెళ్లు చూపిస్తుంది.

40 దాటితే లెన్స్, దూరం సరిపోయినట్టే. 40 రాకపోతే లెన్స్ మార్చాలి లేదా కెమెరా దగ్గరికి రావాలి. 40 ఉండి కూడా ముఖం సాగిపోతే షట్టర్. క్యాప్ మాత్రమే కనిపిస్తే ఎత్తు. బొమ్మ మధ్యమధ్యలో పోతే వోల్టేజ్. బొమ్మంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంటే, లెన్స్ ముందు సాలెగూడో, పక్కనే గోడో ఐఆర్‌ని వెనక్కి కొడుతోంది.

మా గేటు దగ్గర నేను పెయింట్‌లో కొలిస్తే 48 వచ్చాయి. లెక్క ప్రకారం 314 పిక్సెళ్ల దగ్గర 50 రావాలి, కాబట్టి సరిగ్గానే ఉంది. క్యాప్ పెట్టుకుని నడిచింది పై పోర్షన్‌లో ఉండే అబ్బాయి. ఆ ఫ్రేమ్ ప్రింట్ తీసి వాణ్ని ఎప్పుడూ చూడని నా కొలీగ్‌కి ఇచ్చి, నలుగురి ఫొటోల్లో ఎవరో చెప్పమంటే ఒక్క చూపులో చెప్పేశాడు. కెమెరాని తేల్చే పరీక్ష అదే. తెలిసినవాళ్లని గుర్తుపట్టడం మనకి 2.8 లెన్స్‌తో కూడా వస్తుంది, తెలియనివాళ్లు చూసినా తేలాలి.